22 స్లైడ్లు, 45 నిమిషాలు

ఏడో తరగతి సైన్సులో ఆమ్లాలు, క్షారాల పాఠానికి నేను చాలా కాలం కిందటే స్లైడ్లు తయారుచేసి పెట్టుకున్నాను. మొత్తం 22. నిమ్మకాయ బొమ్మ, చింతపండు బొమ్మ, నిర్వచనాలు, లిట్మస్, పసుపు, మందారం, ఏ సూచిక ఏ రంగుకు మారుతుందో చూపే పట్టిక, ఆ తర్వాత తటస్థీకరణం, చీమ కుడితే సోడా ఎందుకు రాస్తారన్న ముచ్చట, చివర్లో ప్రశ్నలు. ఒక్కోదానికి రెండు నిమిషాలు చొప్పున ఒక పీరియడ్‌లో అయిపోతుందనుకుని తరగతికి వెళ్లాను. గంట కొట్టేసరికి 15వ స్లైడ్ దగ్గర ఉన్నాను. సగం మంది పిల్లలు పట్టికను నోట్సులోకి ఎక్కించుకునే పనిలోనే ఉండిపోయారు.

తప్పు స్లైడ్లలో లేదు. టీచర్ ఏం చెప్పాలో, ఏ వరుసలో చెప్పాలో స్లైడ్లలో ఉంటుంది. పిల్లలు ఏ నిమిషంలో ఏం చేస్తారో మాత్రం వాటిలో ఎక్కడా ఉండదు. చేతిలో ఉన్న స్లైడ్లను పాఠ్య ప్రణాళికగా మార్చడమంటే ఆ లోటును పూడ్చడమే. అదెలాగో ఈ 22 స్లైడ్ల మీదే చూద్దాం.

మొదట చేయాల్సిన పని స్లైడ్లను మూసేసి ఒక వాక్యం రాసుకోవడం: పీరియడ్ అయ్యేసరికి పిల్లవాడు ఏం చేయగలగాలి? ‘ఆమ్లాలు, క్షారాల గురించి తెలుసుకుంటాడు’ అని రాస్తే ప్రయోజనం లేదు. తెలిసిందో లేదో చూసి చెప్పలేం. నేను రాసుకున్నది ఇది: ‘ఒక ద్రవం ఇస్తే అది ఆమ్లమో, క్షారమో, రెండూ కాదో సూచికలతో పరీక్షించి, కారణం చెప్పగలగాలి.’ ఈ వాక్యం దగ్గర పెట్టుకుని స్లైడ్లు తెరిస్తే ఏది అవసరమో, ఏది కాదో తేలిపోతుంది. 15 నుంచి 19 దాకా తటస్థీకరణం. అది వేరే పని కాబట్టి రెండో పీరియడ్‌కు వెళ్లింది. లిట్మస్, ఫినాఫ్తలీన్, మిథైల్ ఆరెంజ్ ముఖ్యమైనవే, కానీ ఈ రోజుకు అక్కర్లేదు. పసుపు, మందారం స్లైడ్లు రెండూ తెర మీంచి బల్లల మీదికి వచ్చి కృత్యాలయ్యాయి. చివరికి మొదటి రోజు తెర మీద పడాల్సినవి నాలుగే మిగిలాయి: నిత్యజీవితంలోని వస్తువుల బొమ్మ, ఆమ్లం పరిచయం, క్షారం పరిచయం, రంగుల పట్టిక.

అసలు మెలిక ఆ పట్టిక దగ్గరే ఉంది. నా స్లైడ్లలో అది 14వది. దానికి ముందే 11లో ‘క్షారంలో పసుపు ఎర్రటి గోధుమ రంగుకు మారుతుంది’ అని రాసేసి ఉంది. జవాబు ముందే తెర మీద కనిపిస్తే పిల్లలు ప్రయోగాన్ని దాన్ని నిజం చేయడానికి చేస్తారు, కనుక్కోవడానికి కాదు. ఎవరి కాగితమైనా రంగు మారకపోతే పక్కవాడిది చూసి ‘ఎర్రగా మారింది’ అని రాసేస్తారు. అందుకే ప్రణాళికలో పట్టిక స్లైడ్‌ను కృత్యాల తర్వాత 38వ నిమిషానికి జరిపి, గళ్లన్నీ ఖాళీ చేసి పెట్టాను.

ఇక సమయం. 45 నిమిషాల్లో మొదటి మూడూ హాజరుకీ, పిల్లలు కుదురుకోవడానికీ పోతాయి. వాటిని లెక్కలో వేయకపోతే ప్రణాళిక మొదటి గీత దగ్గరే తప్పుతుంది. తర్వాత అయిదు నిమిషాలు ఒక తెల్లగుడ్డకు. దాని మీద పసుపు మరక. మరక మీద సబ్బు రుద్దగానే అది ఎర్రబడుతుంది. ఇంట్లో చొక్కా మీద కూర ఒలికినప్పుడు పిల్లలందరూ చూసినదే, కానీ ఎందుకని ఎవరూ అడిగి ఉండరు. ప్రశ్న వేశాక అర నిమిషం ఎవరూ మాట్లాడకూడదు. తర్వాత ఒక నిమిషం పక్కవాళ్లతో మాట్లాడుకుంటారు. ఆ పైన మూడు నాలుగు జవాబులు తప్పొప్పులు చెప్పకుండా బోర్డు మీద రాస్తాను. ఈ మౌనాన్ని కూడా ప్రణాళికలో అంకెతో రాసుకోవాలి. 1970లలో అమెరికా విద్యావేత్త మేరీ బడ్ రో తరగతి గదుల్లో గమనించిన విషయం ఇదే: ప్రశ్న అడిగాక టీచర్లు ఒక సెకను కూడా సరిగ్గా ఆగడం లేదు. మూడు సెకన్లు ఆగినా చాలు, పిల్లల జవాబులు పొడవయ్యాయి, జవాబు చెప్పేవాళ్లూ పెరిగారు. రాసి పెట్టుకోకపోతే ఆ మౌనాన్ని భరించలేక మనమే జవాబు చెప్పేస్తాం.

ఎనిమిదో నిమిషం నుంచి ఆరు నిమిషాలు మూడు స్లైడ్లు నడుస్తాయి. నిమ్మరసంలో ఆమ్లం ఉంది, సున్నంలో క్షారం ఉంది అన్న రెండు గట్టి ఉదాహరణలు చాలు. ఆమ్లాల పేర్ల చిట్టా ఇక్కడ అక్కర్లేదు. తర్వాతి మూడు నిమిషాలు సూచనలకూ సామాన్ల పంపిణీకీ. ఈ రెండింటి వరుస తప్పకూడదు. ముందు ఏం చేయాలో చెప్పి, ఒకరి చేత తిరిగి చెప్పించి, ఆ తర్వాతే ట్రేలు ఇవ్వాలి. రంగునీళ్లు చేతికొచ్చాక ఎవరూ వినరు.

తరగతిలో 40 మంది అనుకుందాం. అయిదుగురికి ఒకటి చొప్పున ఎనిమిది జట్లు. ఒక్కో ట్రేలో ఆరు చిన్న మూతల్లో ఆరు ద్రవాలు: నిమ్మరసం, వెనిగర్, సబ్బునీళ్లు, సున్నపు తేట, ఉప్పునీళ్లు, మామూలు నీళ్లు. మొత్తం 48 పసుపు కాగితం ముక్కలు కావాలి. చిరిగేవి, తడిసేవి ఉంటాయి కాబట్టి 60 కోసుకుంటాను. పసుపును నీళ్లలో ముద్దగా కలిపి వడపోత కాగితానికి పూసి, ఆరబెట్టి, ముక్కలు చేయడం ముందు రోజు సాయంత్రం పని. మందార రేకుల్ని వేడినీళ్లలో నానబెట్టిన రసం ఆ రోజు ఉదయానికి సిద్ధంగా ఉండాలి. ప్రణాళికలో ఇదంతా పాఠం గడుల్లో కాకుండా పైన ‘ముందుగా’ అన్న చోట రాయాలి. లేకపోతే తరగతిలోనే రసం తీస్తూ పది నిమిషాలు పోగొట్టుకుంటాం.

ద్రవాల ఎంపికలో నేను ఒకసారి దెబ్బతిన్నాను. సున్నపు తేట బదులు వంటసోడా నీళ్లు పెట్టాను. సోడా బలహీనమైన క్షారం. పసుపు కాగితం ఆ స్థాయిలో రంగు మారీ మారనట్టు ఉంటుంది. నాలుగు జట్లు మారిందన్నాయి, నాలుగు మారలేదన్నాయి, ఆ వాదన తీరేసరికి పీరియడ్ అయిపోయింది. పెరుగు కూడా పనికిరాదు. తెల్లటి చిక్కదనంలో రంగు కనబడదు. అందుకే ప్రణాళిక రాసేటప్పుడు ప్రతి ద్రవాన్నీ ప్రతి సూచికతో ఇంట్లో ఒకసారి పరీక్షించి, వచ్చిన రంగు పక్కన రాసుకోవాలి. తరగతిలో రుచి చూడడం ఉండదనీ, సున్నపు తేట కళ్లలో పడకూడదనీ సూచనల గడిలోనే రాసి ఉంచాలి.

17వ నిమిషం నుంచి 27 దాకా పసుపు కాగితం పరీక్ష. ముంచేముందు ప్రతి జట్టూ తన ఊహ రాయాలి. తర్వాత ముంచి, వచ్చిన రంగు రాయాలి. సబ్బునీళ్లలో, సున్నపు తేటలో కాగితం ఎర్రబడుతుంది. మిగతా నాలుగింటిలో పసుపు పసుపుగానే ఉంటుంది. 27వ నిమిషంలో నేను అడిగే ప్రశ్న ఒక్కటే: ‘నిమ్మరసంలో రంగు మారలేదు. మంచినీళ్లలోనూ మారలేదు. అయితే నీళ్లు కూడా ఆమ్లమేనా?’ ఈ పాఠానికి ఇదే గుండె. ఎర్రబడనిదంతా ఆమ్లమే అని పిల్లలు సహజంగానే అనుకుంటారు. స్లైడ్ల వరుసలో నడిచినప్పుడు ఆ అపోహ ఉన్నట్టు కూడా నాకు తెలియలేదు. పసుపు క్షారాన్ని మాత్రమే పట్టిస్తుంది, ఆమ్లానికీ తటస్థ ద్రవానికీ తేడా చెప్పలేదు. ఈ మాట నేను చెప్పను. నాలుగు నిమిషాలు వాళ్లనే వాదించుకోనిస్తాను. ‘ఇంకో సూచిక కావాలి సార్’ అని ఎవరో ఒకరు అనేదాకా ఆగుతాను.

అప్పుడు మందారం. 31 నుంచి ఏడు నిమిషాలు. నిమ్మరసంలో, వెనిగర్‌లో రసం ముదురు గులాబీ రంగుకు తిరుగుతుంది, సున్నపు తేటలో ఆకుపచ్చ అవుతుంది, నీళ్లలో, ఉప్పునీళ్లలో తన రంగులోనే ఉండిపోతుంది. పసుపు తేల్చలేనిది మందారం తేల్చింది. 38వ నిమిషంలో ఖాళీ పట్టిక తెర మీదికి వస్తుంది, పిల్లలు చెబుతుంటే నాలుగు నిమిషాల్లో నిండుతుంది. ఆఖరి మూడు నిమిషాలు చీటీకి: ‘ఒక ద్రవంలో పసుపు కాగితం రంగు మారలేదు. అది ఆమ్లమేనా? ఎలా తేలుస్తావు?’

ఇవన్నీ కాగితం మీద నాలుగు నిలువు గడుల్లో కూర్చుంటాయి: నిమిషాలు, టీచర్ చేసేది, పిల్లలు చేసేది, స్లైడ్ సంఖ్య. రాయడం అయ్యాక మూడో గడిని ఒక్కదాన్నే పైనుంచి కిందికి చదువుతాను. అందులో ‘వింటారు’, ‘చూస్తారు’ అన్న మాటలు వరసగా కనబడితే ఆ ప్రణాళిక ఇంకా స్లైడ్లుగానే ఉందని అర్థం. నా మొదటి చిత్తుప్రతిలో ఆ గడి నిండా ‘వింటారు’ అనే ఉంది.

ఇంత చేసినా గంట మన మాట వినదు. అసెంబ్లీ ఆలస్యం కావచ్చు, కరెంటు పోవచ్చు. కాబట్టి ఎక్కడ కుదించాలో కూడా ముందే రాసి ఉంచాలి. 31వ నిమిషానికి పసుపు పరీక్ష చర్చ ముగియకపోతే, మందారం జట్లకు ఇవ్వకుండా నా బల్ల మీద నేనే చేసి చూపిస్తాను. నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. పట్టికను మరుసటి రోజుకు వదలవచ్చు. చీటీని మాత్రం వదలకూడదు. కరెంటు పోతే ఆ నాలుగు స్లైడ్ల పని బోర్డు మీద సుద్దముక్కతో నడుస్తుంది. వాటిని నాలుగుకు తగ్గించడంలో ఈ లాభమూ ఉంది.

సాయంత్రం చీటీల్ని మూడు కుప్పలు చేస్తాను: ఆమ్లమే అన్నవాళ్లు, చెప్పలేం అన్నవాళ్లు, మందారంతో చూస్తాను అన్నవాళ్లు. పోయినసారి మొదటి కుప్ప నేననుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. రెండో పీరియడ్ ప్రణాళికలో మొదటి అయిదు నిమిషాలు తటస్థీకరణం నిర్వచనానికని రాసి ఉన్నాయి. అది కొట్టేసి, అక్కడ ఒక గ్లాసు మంచినీళ్లు, రెండు పసుపు కాగితం ముక్కలు, మిగిలిన మందార రసం అని రాశాను.