కొత్త బెల్టు, గట్టి తోలు

తోలు బెల్టు కొనేటప్పుడు చాలామంది మెరుపునూ బకిల్‌నూ చూస్తారు. నేనైతే ముందు అంచు చూడమంటాను. ఒకే తోలు పలకతో చేసిన బెల్టు అంచులో పైనుంచి కిందిదాకా ఒకే పీచు కనిపిస్తుంది. దాదాపు మూడున్నర, నాలుగు మిల్లీమీటర్ల మందం ఉంటే రోజువారీ వాడకానికి బాగా ఆగుతుంది. రెండు పలచటి పొరల మధ్య అట్టో, స్పాంజో పెట్టి అతికించినదైతే, బకిల్ దగ్గర వంగే చోట ముందుగా విడిపోతుంది. అంచుకు మందంగా రంగు పూసి ఉంటే, రంధ్రాల లోపలికి చూడండి. అసలు పొర అక్కడ బయటపడుతుంది. ‘జెన్యూన్ లెదర్’ అన్న ముద్రను మాత్రం నమ్మకండి. కింది పొర తోలు మీద ప్లాస్టిక్ పూత వేసినదానికీ ఆ ముద్ర ఉంటుంది.

సైజు ప్యాంటు నంబరును బట్టి కాదు. ఇప్పుడు వాడుతున్న బెల్టును బల్లమీద పరిచి, బకిల్ మొదలు నుంచి మీరు పెట్టుకునే రంధ్రం దాకా కొలవండి. 34 ప్యాంటు వేసుకునే మనిషికి అది 36 అంగుళాలు వచ్చిందనుకుందాం. కొత్త బెల్టులో అయిదు రంధ్రాల మధ్యది 36 దగ్గర పడాలి. తోలు వాడకంలో కాస్త సాగుతుంది కాబట్టి, లోపలికి జరగడానికి ఇంకా రెండు రంధ్రాలు మిగులుతాయి.

మంచి బెల్టు మొదట్లో నడుముకు గుచ్చుకుంటుంది. చెట్ల బెరడుతో, కాయలతో ఊనిన తోలులో పీచు బిగుసుకుని ఉంటుంది. దక్షిణాదిన తంగేడు బెరడు, కరక్కాయ ఈ పనికి తరతరాలుగా వాడారు. ఈ బిగువును చేతులతోనే సడలించాలి. నున్నటి వైపు బయటికి ఉండేలా బెల్టును వదులుగా చుట్టి, విప్పి, మళ్లీ చుట్టండి. జానెడు జానెడుగా మెల్లగా వంచండి. మడత పడేలా నొక్కితే పై పొర చిట్లుతుంది, ఆ గీత ఇక పోదు. తర్వాత వారం పది రోజులు సాయంత్రం ఇంట్లో గంటో, రెండు గంటలో పెట్టుకుని కూర్చోండి, లేవండి. తుంటి వంపు దానికి పడుతుంది.

తొందరపడి నీళ్లలో నానబెట్టకండి, ఎండలో పెట్టకండి, డ్రయ్యర్ పట్టకండి. తడిసిన తోలుకు వేడి తగిలితే ముడుచుకుని పెళుసవుతుంది. కొబ్బరినూనె దట్టిస్తే మెత్తబడినట్టే ఉంటుంది గానీ మరకలు పడతాయి, తోలు వదులై సాగిపోతుంది. మరీ పొడిగా అనిపిస్తే బఠాణీ గింజంత తోలు క్రీము గుడ్డతో పలచగా రాస్తే చాలు.

పర్సుకు ఇంత మందం వద్దు, ఒక మిల్లీమీటరు సరిపోతుంది. అక్కడ ముందుగా చినిగేది లోపలి బట్ట లైనింగు. అరల లోపల వేలు పెట్టి చూసి, అక్కడా తోలే ఉన్నదాన్ని తీసుకోండి. కొత్త అరలో కార్డు బిగిసిపోతుంటే, దాన్ని పలచటి ప్లాస్టిక్ కవరులో చుట్టి ఒక రాత్రంతా అందులోనే ఉంచండి. రెండు కార్డులు ఒకే అరలో కుక్కితే మాత్రం అది సాగిపోయి, తర్వాత ఒక కార్డును పట్టి ఉంచలేదు.