ఒప్పందంలో ఒక ‘లేదా’

ఢిల్లీ నుంచి విమానాశ్రయానికి వెళ్లే మెట్రో లైను 2012 జులైలో ఆగిపోయింది. వంతెనలు, సొరంగాలు కట్టింది ఢిల్లీ మెట్రో రైల్ కార్పొరేషన్. రైళ్లు నడిపేది రిలయన్స్ ఇన్‌ఫ్రా ముందుండి పెట్టిన ప్రైవేటు కంపెనీ. గర్డర్లలో పగుళ్లున్నాయి, 90 రోజుల్లో సరిచేయండి అని కంపెనీ జులై 9న నోటీసిచ్చింది. గడువు దాటగానే, అక్టోబరు 8న, ఒప్పందం రద్దంటూ మరో నోటీసు పంపింది. గొడవ ముగ్గురు ఆర్బిట్రేటర్ల ముందుకెళ్లింది. రద్దు సరైనదేనని వాళ్లు 2017 మే 11న ఏకగ్రీవంగా తేల్చి, కార్పొరేషన్ రూ. 2,782 కోట్లు, వడ్డీతో సహా చెల్లించాలన్నారు.

మామూలు సివిల్ కేసైతే ఓడినవాళ్లు అప్పీలుకు వెళ్తారు, సాక్ష్యాలన్నీ పైకోర్టు మళ్లీ తిరగేస్తుంది. ఆర్బిట్రేషన్‌లో ఆ దారి లేదు. 1996 చట్టం 34వ సెక్షన్ కింద అవార్డును కొట్టేయమని దరఖాస్తు మాత్రమే పెట్టుకోవాలి. అందుకు కారణాలు లెక్కపెట్టినట్టుంటాయి. మన వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వకపోవడం, తమకు అప్పగించని విషయాన్ని ఆర్బిట్రేటర్లు తేల్చడం, మోసం వంటివి. 2015 సవరణతో చేరిన 34(2ఎ) మరో కారణాన్ని చెబుతుంది. అదే పేటెంట్ ఇల్లీగాలిటీ. అంటే అవార్డు చదువుతుండగానే బయటపడే చట్టవిరుద్ధత. ఆ వెంటనే చట్టం ఒక అడ్డుకట్టా వేసింది. ఆర్బిట్రేటర్లు చట్టాన్ని తప్పుగా అన్వయించారన్నంత మాత్రాన, సాక్ష్యాలను మళ్లీ తూచి చూడమన్నంత మాత్రాన అవార్డును కొట్టేయకూడదు.

మరి దేన్ని చూపాలి? కార్పొరేషన్ చూపింది ఒప్పందంలోని ఒక్క షరతును. లోపాన్ని 90 రోజుల్లో సరిచేయకపోతేనో, ‘లేదా’ సరిచేయడానికి తగిన చర్యలు చేపట్టకపోతేనో కంపెనీ రద్దు చేసుకోవచ్చని అందులో ఉంది. అంటే పగుళ్లు పూర్తిగా పూడకపోయినా, మరమ్మతు పని గట్టిగా సాగుతుంటే రద్దు కుదరదని కార్పొరేషన్ వాదన. ఇక అవార్డు పక్కన పెట్టుకుని చదివితే, లోపాలు పూర్తిగా పోయాయా లేదా అన్నదానిమీదే చర్చంతా నడిచింది. జరిగిన మరమ్మతులు ‘తగిన చర్యల’ కిందికి ఎందుకు రావో ఆర్బిట్రేటర్లు చెప్పలేదు. ‘లేదా’ తర్వాతి మాటలు ఒప్పందంలో లేనట్టే అయింది.

రెండో పట్టు ఒక సర్టిఫికెట్. లైను మళ్లీ తెరవడానికి మెట్రో భద్రతా కమిషనర్ 2013 జనవరి 18న, వేగం మీద షరతులతో అనుమతిచ్చారు. నాలుగు రోజులకే రైళ్లు కదిలాయి. రద్దు చేశామన్న కంపెనీయే ఆ జూన్ నెలాఖరు దాకా నడిపింది. ఆ సర్టిఫికెట్‌కు ఈ వివాదంతో సంబంధం లేదని ఆర్బిట్రేటర్లు పక్కన పెట్టేశారు. పగుళ్ల మీద పని జరిగిందా లేదా అన్నదే ప్రశ్న అయినప్పుడు, భద్రతాధికారి పరీక్షించి ఇచ్చిన కాగితానికి సంబంధం లేకపోవడమేమిటి?

అదనపు సాక్ష్యమేదీ తేనక్కర్లేదు. షరతు ఒక చేత్తో, అవార్డు ఇంకో చేత్తో పట్టుకుంటే ఖాళీ కనబడుతుంది. అనుభవమున్న లాయర్లు ఈ దరఖాస్తును ఇలాగే కడతారు. ఇంజినీర్ల నివేదికలన్నీ జతచేసి ఎవరి లెక్క నిజమో చూడమంటే, ఆ పని మాది కాదని జడ్జి మొదటి వాయిదాలోనే అనేస్తారు.

ఇంత స్పష్టమైన తప్పు కోర్టులకు వెంటనే కనిపించిందా అంటే, లేదు. ఢిల్లీ హైకోర్టులో సింగిల్ జడ్జి 2018లో దరఖాస్తును తోసిపుచ్చారు. 2019 జనవరిలో డివిజన్ బెంచ్ అవార్డును చాలావరకు కొట్టేసింది. 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్ని తిరిగి నిలబెట్టింది. ఒప్పందానికి అర్థం చెప్పడం ఆర్బిట్రేటర్ల పని, అందులో కోర్టు వేలు పెట్టకూడదన్నది ఆ తీర్పు సారం. రివ్యూ కూడా పోయింది. చివరికి 2024 ఏప్రిల్ 10న, క్యూరేటివ్ పిటిషన్ మీద ముగ్గురు జడ్జీల ధర్మాసనం డివిజన్ బెంచ్ మాటే ఖాయం చేసింది. కార్పొరేషన్ అప్పటిదాకా కట్టిన డబ్బు వాపసు ఇవ్వమంది. అప్పటికి వడ్డీతో కలిపి బాకీ సుమారు రూ. 8,000 కోట్లకు చేరింది.

పైకే కనిపించాల్సిన తప్పు కొందరు జడ్జీలకు కనిపించి, కొందరికి కనిపించకపోవడం నాకు ఇబ్బందిగానే ఉంటుంది. అర్థం చెప్పడంలో పొరపాటుకీ, రాసి ఉన్న మాటను వదిలేయడానికీ మధ్య గీత సన్నగా ఉంది. సుప్రీంకోర్టు చెప్పినదాన్ని బట్టి, షరతుకు రెండు అర్థాలు కుదిరేచోట ఆర్బిట్రేటర్ ఎంచుకున్నదే నిలుస్తుంది. సబబుగా ఆలోచించేవారెవరూ చేరలేని నిర్ణయానికి వస్తేనే, కీలక సాక్ష్యాన్ని విస్మరిస్తేనే కోర్టు కదులుతుంది.

ఈ ఆయుధం అందరికీ దొరకదు కూడా. వివాదంలో ఒక పక్షం విదేశీ కంపెనీ అయితే, అంతర్జాతీయ వాణిజ్య ఆర్బిట్రేషన్‌గా లెక్కించి 34(2ఎ)ను వాడుకోనివ్వరు. గడువు మరీ కఠినం. అవార్డు ప్రతి చేతికందిన రోజు నుంచి మూడు నెలలు, సరైన కారణముంటే ఇంకో 30 రోజులు. ఆ తర్వాత ఒక్కరోజు ఆలస్యమైనా, అవార్డులో ఎంత పెద్ద తప్పున్నా, కోర్టు తలుపు తెరవదు.