గెలిచే నాణెంతోనూ దివాలా

2016లో విక్టర్ హఘానీ, రిచర్డ్ డ్యూయీ అనే ఇద్దరు ఫైనాన్స్ నిపుణులు ఒక ప్రయోగం ఫలితాలను బయటపెట్టారు. ఎకనామిక్స్, ఫైనాన్స్ చదివే విద్యార్థులు, ఆ రంగంలోనే పనిచేసే యువ ఉద్యోగులు కలిపి 61 మందిని కూర్చోబెట్టి, ఒక్కొక్కరికి 25 డాలర్లు ఇచ్చారు. కంప్యూటర్ తెర మీద ఒక నాణెం. అది నూటికి 60 సార్లు బొమ్మే పడుతుందని ముందే చెప్పేశారు. అరగంట పాటు ఎన్నిసార్లయినా, ఎంతయినా పందెం కాయవచ్చు. మిగిలింది ఇంటికి పట్టుకుపోవచ్చు, 250 డాలర్ల దాకా.

ఇంతకంటే మంచి బేరం ఎవరికైనా దొరుకుతుందా? అయినా వాళ్లలో 28 శాతం మంది చిల్లిగవ్వ లేకుండా లేచారు. నాణెంలో మోసం లేదు, మొగ్గు కచ్చితంగా వాళ్ల వైపే ఉంది. మరి ఎక్కడ పోయింది డబ్బు?

దీనికి జవాబు రెండు భాగాలు. మొదటిది వరుస ఓటములు. రెండోది పందెం పరిమాణం.

వరుస ఓటముల సంగతి చేత్తో తెలుసుకోవడానికి చింతగింజలు చాలు. పది గింజలు తీసుకుని, నాలుగింటిని ఒకవైపు తెల్లగా అరగదీయండి. అన్నీ ఒక చెంబులో వేసి కలిపి, చూడకుండా ఒకటి తీయండి. ఎర్రగింజ వస్తే గెలుపు, అరగదీసింది వస్తే ఓటమి. కాగితం మీద రాసుకుని, గింజను తిరిగి చెంబులో వేసి, మళ్లీ కలిపి తీయండి. ఇలా 300 సార్లు. ఎక్కడో ఒకచోట ఓటములు వరుసగా ఐదు పడే అవకాశం నూటికి 80కి పైనే. ఆరు పడే అవకాశం కూడా సగానికి కొంచెం ఎక్కువ.

ఇది నమ్మబుద్ధి కాదు. ఎందుకంటే, ఇప్పుడే మొదలుపెట్టి ఐదుసార్లూ ఓడిపోవడం నిజంగానే అరుదు, నూటికి ఒక్కసారి. కానీ 300 సార్లు తీసేటప్పుడు అలాంటి వరుస మొదలవడానికి 180 దాకా చోట్లు దొరుకుతాయి, ప్రతి గెలుపు తర్వాతా ఒకటి చొప్పున. నూటికి ఒక్కసారి జరిగేదానికి అన్ని అవకాశాలిస్తే ఎక్కడో ఒకచోట జరిగి తీరుతుంది. ఆట ఎంత ఎక్కువకాలం సాగితే అంత పొడుగు వరుస ఎదురవుతుంది. గింజలు చెడిపోలేదు, చెంబుకు మన మీద పగా లేదు. మొగ్గు మన వైపున్న ఆటలో ఇది మామూలు.

ఇక పందెం పరిమాణం. చేతిలో 100 రూపాయలున్నాయి, ప్రతిసారీ ఉన్నదాంట్లో సగం కాస్తున్నారనుకోండి. పదిసార్లలో లెక్క ప్రకారమే ఆరు గెలిచి నాలుగు ఓడారు. గెలిచినప్పుడల్లా సొమ్ము ఒకటిన్నర రెట్లవుతుంది, ఓడినప్పుడల్లా సగమవుతుంది. చివరికి మిగిలేది 71 రూపాయలు! గెలుపులు ఎక్కువే, అదృష్టం తక్కువ కాలేదు, అయినా డబ్బు తరిగింది. సగం పోగొట్టుకున్నవాడు మళ్లీ మొదటికి రావాలంటే ఉన్నది రెట్టింపు కావాలి. నష్టం దించే మెట్టు, లాభం ఎక్కించే మెట్టు ఒకే ఎత్తులో ఉండవు.

అదే 100 రూపాయలతో ప్రతిసారీ ఉన్నదాంట్లో ఐదో వంతు కాస్తే, అవే ఆరు గెలుపులు, నాలుగు ఓటములతో 122 అవుతుంది. పదో వంతు కాస్తే 116. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన జాన్ కెల్లీ 1956లో ఈ లెక్కకు సూత్రం కట్టాడు. గెలిస్తే కాసినంతే వచ్చే ఆటలో, గెలిచే శాతంలోంచి ఓడే శాతాన్ని తీసేస్తే ఎంత వస్తుందో అంత వాటా కాస్తే సొమ్ము అన్నిటికన్నా వేగంగా పెరుగుతుంది. మన నాణేనికి 60లోంచి 40 పోగా 20 శాతం. దానికి రెట్టింపు, అంటే 40 శాతం కాస్తే, పది ఆటల తర్వాత మిగిలేది 98 రూపాయలు. అక్కడి నుంచి ఎంత పెంచితే అంత నష్టం.

కానీ 20 శాతం కాస్తూ వరుసగా ఐదుసార్లు ఓడితే 100 రూపాయలు 33 అవుతాయి. పదో వంతు కాస్తే 59 మిగులుతాయి. అందుకే అనుభవజ్ఞులు చాలామంది కెల్లీ చెప్పినదాంట్లో సగమే కాస్తారు. పెరుగుదల వేగంలో నాలుగో వంతు వదులుకుంటే, చెడ్డరోజున నిలబడే బలం దాదాపు రెట్టింపవుతుంది.

ఉన్నదాంట్లో వాటా కాకుండా, ప్రతిసారీ ఒకే మొత్తం కాసేవాళ్లకు దివాలా లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. 60 శాతం గెలిచే నాణెంతో, పెట్టుబడిని ఐదు సమాన భాగాలు చేసి ప్రతిసారీ ఒక భాగం కాస్తే, ఎప్పుడో ఒకప్పుడు మొత్తం పోయే అవకాశం నూటికి 13. పది భాగాలు చేస్తే నూటికి రెండు కూడా ఉండదు. అయితే గెలుపు 52 శాతమే అనుకోండి. అప్పుడు పది భాగాలకు దివాలా అవకాశం నూటికి 45. దాన్ని నూటికి రెండుకు దించాలంటే 50 భాగాలు చేయాలి. మొగ్గు సన్నగా ఉన్నకొద్దీ పందెం కూడా సన్నం కావాల్సిందే.

ప్రయోగంలో దెబ్బతిన్నవాళ్లు ఈ లెక్కకు ఎదురెళ్లారు. కొందరు పోయింది రాబట్టడానికి పందెం రెట్టింపు చేస్తూ పోయారు. మూడింట రెండొంతుల మంది ఏదో ఒక దశలో బొరుసు మీద కూడా కాశారు, నాణెం బొమ్మకే మొగ్గుతుందని తెలిసి కూడా! బొమ్మ చాలాసార్లు పడింది కాబట్టి ఈసారి బొరుసు పడాలనిపించి ఉంటుంది. నాణేనికి జ్ఞాపకం ఉండదు. హఘానీకి ఇది కేవలం పుస్తకాల విషయం కాదు. తలకు మించిన అప్పుతో పందేలు కాసి 1998లో కుప్పకూలిన లాంగ్ టర్మ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్ ఫండ్ వ్యవస్థాపకుల్లో ఆయన కూడా ఒకరు.

షేర్ మార్కెట్లో పని మరింత కష్టం. అక్కడ 60 అనే అంకెను ఎవరూ ముందుగా చెప్పరు. పాత ట్రేడ్‌ల నుంచి మనమే అంచనా వేసుకోవాలి, ఆ అంచనా సాధారణంగా ఉన్నదానికన్నా ఎక్కువగానే ఉంటుంది. పైగా ట్రేడ్‌లు చింతగింజల్లా ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉండవు. 2024 జూన్ 4న, ఎన్నికల ఫలితాల రోజు, నిఫ్టీ దాదాపు 6 శాతం పడింది. ఆ ఉదయం ఐదు బ్యాంకు షేర్లు కొని ఉంచుకున్నవాడు ఐదు పందేలు కాశాననుకోవచ్చు, నిజానికి కాసింది ఒక్కటే. అలాంటి రోజున ఐదు ఓటముల వరుస గంటలో పూర్తవుతుంది. ధర ఒక్కసారిగా కిందికి దూకితే స్టాప్‌లాస్ కూడా మనం పెట్టిన చోట పట్టుకోదు, అనుకున్నదానికన్నా పెద్ద నష్టమే చేతికొస్తుంది.

మరి ఇది మామూలు చెడ్డకాలమా, పద్ధతే పనిచేయడం మానేసిందా? ఎలా తెలుస్తుంది? కొద్ది ట్రేడ్‌లు చూసి తెలియదు. నిజంగా 60 శాతం గెలిచే పద్ధతి కూడా 100 ట్రేడ్‌లలో 50 నుంచి 70 దాకా ఎన్నయినా గెలవవచ్చు. 52 వస్తే దిగులుపడి పద్ధతి మార్చేవాడు, 68 వస్తే ఉప్పొంగి పందెం పెంచేవాడు, ఇద్దరూ గాలివాటాన్ని చూసి నిర్ణయం తీసుకుంటున్నట్టే. 100లో 40 మాత్రమే గెలిస్తే అప్పుడు ఆగాలి, ఆ 60 అంచనానే అనుమానించాలి.

అందుకే ఈ అంకెలు ఆట మొదలుకాకముందే కాగితం మీద ఉండాలి. ఒక్కో ట్రేడ్‌లో పోగొట్టుకోగలిగే గరిష్ఠ మొత్తం ఎంత, ఎన్ని ఓటములు వరుసగా వచ్చినా అది మామూలే అనుకోవాలి, పెట్టుబడి ఎంతకు తగ్గితే ఆగి మళ్లీ లెక్క చూసుకోవాలి. ఆరో ఓటమి వచ్చిన రోజున మనసు ఈ లెక్కలు వేయనివ్వదు. ఆరు రావచ్చని ముందే రాసి ఉంటే, ఏడో ట్రేడ్ కూడా మొదటిదంత పరిమాణంలోనే ఉంటుంది.