తంతి ముందు, రైలు తరువాత

1857 తిరుగుబాటు గురించి రాయమంటే చాలామంది పిల్లలు రైళ్లు, టెలిగ్రాఫ్ ఉండబట్టే బ్రిటిష్‌వాళ్లు నెగ్గారని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అందులో సగమే నిజం. ఆనాటికి దేశం మొత్తం మీద రైలు పట్టాలు ఐదు వందల కిలోమీటర్లు కూడా లేవు. తంతి సంగతి వేరు. ఓషానెస్సీ అనే డాక్టరు పర్యవేక్షణలో 1853 చివర్లో మొదలైన పని 1855 నాటికే కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మద్రాసు నగరాలను కలిపేసింది. వాయవ్యాన ఆ తీగ పంజాబ్ లోపలికీ వెళ్లింది. ఆ ఏడాది మే నెలలో పని చేసింది ఆ తీగే.

మే 10 సాయంత్రం మీరట్‌లో సిపాయిలు తిరగబడ్డారు. ఢిల్లీకి పోయే తీగ తెగింది. మర్నాడు పొద్దున, మీరట్‌తో మాట ఎందుకు కలవడం లేదో చూసి వద్దామని ఢిల్లీ తంతి ఆఫీసు అధికారి టాడ్ బయలుదేరాడు. దారిలోనే అతన్ని చంపేశారు. ఆఫీసులో మిగిలిన కుర్ర సిగ్నలర్లు మాత్రం, మీరట్ సిపాయిలు ఊళ్లోకి వచ్చారని, బంగళాలు తగలబడుతున్నాయని అంబాలాకు కబురు కొట్టి తప్పుకున్నారు. అక్కడి నుంచి అది లాహోర్‌కు, పెషావర్‌కు అందింది.

లాహోర్ పక్కనే ఉన్న మియాన్ మీర్ కంటోన్మెంట్‌లో మూడు కాల్బలం రెజిమెంట్లు, ఒక అశ్వదళం ఉండేవి. అన్నీ దేశీయ సిపాయిలవే. ఢిల్లీలో ఏం జరిగిందో వాళ్లకు ఇంకా తెలియదు, పై అధికారులకు తెలుసు. మే 13 పొద్దున పరేడ్‌కని పిలిచి, ఎదురుగా గుండ్లు నింపిన ఫిరంగులు నిలబెట్టి, ఆయుధాలు కింద పెట్టమన్నారు. వాళ్లు పెట్టేశారు. కబురు మామూలు టపాలో వచ్చి ఉంటే అది సిపాయిలకూ అధికారులకూ ఇంచుమించు ఒకేసారి తెలిసేది. పంజాబ్ అలా చేతిలో నిలిచింది కనుకే అక్కడి నుంచి సైన్యాన్ని, ఫిరంగులను ఢిల్లీ మీదికి పంపగలిగారు. సెప్టెంబర్‌లో ఢిల్లీ తిరిగి వాళ్ల వశమైంది.

తీగ విలువ తిరుగుబాటుదారులూ వెంటనే గ్రహించారు. వందల మైళ్ల పొడవున స్తంభాలు పీకేశారు, తీగను ముక్కలు చేసి తుపాకీ గుండ్లుగా వాడారు. తంతికున్న బలహీనత కూడా అదే. ఒక్కచోట తెగినా ఆ దారిలో మాట ఆగిపోతుంది.

మరి ఆవిరి యంత్రం? మద్రాసు నుంచి సైన్యంతో కలకత్తా చేరిన కర్నల్ నీల్, తన మనుషులు ఎక్కేదాకా రైలు ఆపనన్న హౌరా రైల్వే ఉద్యోగులను నిర్బంధించి మరీ బండిని ఆపించాడు. అంతా చేస్తే ఆ రైలు వెళ్లేది రాణిగంజ్ దాకా, అంటే రెండు వందల కిలోమీటర్ల లోపు. ఆ పైన ఎడ్లబళ్లు, గుర్రపుబళ్లే గతి. లండన్‌కు తంతి లేనే లేదు. మీరట్ వార్త స్టీమర్ల మీద ఎక్కి దిగి అక్కడికి చేరేసరికి జూన్ చివరి వారమైంది. అక్కడి నుంచి సహాయ సేనలు వచ్చేలోపే ఢిల్లీ పోరు ముగిసింది.

అయినా అంతకు ముప్పై ఏళ్ల కిందటితో పోలిస్తే అది మెరుపు వేగమే. తెరచాప ఓడ గుడ్‌హోప్ అగ్రం చుట్టి రావడానికి ఐదారు నెలలు పట్టేది. స్టీమరుకు గాలితో పని లేదు, బొగ్గుతోనే తంటా. 1830లో బొంబాయి నుంచి సూయజ్‌కు బయలుదేరిన హ్యూ లిండ్సే ఓడలో బొగ్గు పట్టక, మనుషులు ఉండే గదుల్లో కూడా నింపారు. అయినా ఏడెన్ చేరేసరికి బొగ్గు దాదాపు నిండుకుంది. దారిలో బొగ్గు నిల్వ చేసుకునే రేవు కావాలి. 1839లో బ్రిటిష్‌వాళ్లు ఏడెన్‌నే ఆక్రమించారు. ఓడ ఆకలి తీర్చడానికి ఓ ఊరు సామ్రాజ్యంలో కలిసిపోయిందన్నమాట.

రైళ్లు దేశమంతా పరుచుకున్నది 1857 తరువాతే. 1869లో సూయజ్ కాలువ తెరిచారు. మరుసటి ఏడాది గ్రేట్ ఈస్టర్న్ అనే భారీ ఓడ బొంబాయి నుంచి ఏడెన్ దాకా సముద్రం అడుగున కేబుల్ పరిచింది. దాంతో లండన్ మాట కలకత్తాకు గంటల్లో అందసాగింది.

ఈ తీగ దేశాన్నే కాదు, దేశాన్ని ఏలేవాణ్నీ కట్టేసింది. పాత గవర్నర్ జనరల్ ముందు పని కానిచ్చి, లండన్‌కు తీరిగ్గా ఉత్తరం రాసుకునేవాడు. కాదని జవాబు వచ్చేసరికి జరగాల్సింది జరిగిపోయేది. 1870 తరువాత ఆ వెసులుబాటు పోయింది. నూలు బట్టల దిగుమతి సుంకం మీద, అఫ్గాన్ వ్యవహారం మీద లండన్‌లోని భారత వ్యవహారాల మంత్రి సాలిస్‌బరీతో పడక, వైస్రాయ్ నార్త్‌బ్రూక్ 1876లో పదవి వదిలి వెళ్లిపోయాడు.