ఫ్లోచార్టు స్క్రీన్‌షాట్ నుంచి సూడోకోడ్: ఒక్క బాణం కూడా పోకుండా రాయడం

గత యూనిట్‌లో ఫ్లోచార్టు గుర్తులు నేర్చుకున్నారు. ఇప్పుడు చేయబోయేది దానికి తిరుగు పని. మీ సెల్‌ఫోన్‌కు ఒక ఫ్లోచార్టు స్క్రీన్‌షాట్ వచ్చింది. దాన్ని చూసి సూడోకోడ్ రాయాలి. బొమ్మలో ఉన్న ప్రతి నిర్ణయం, ప్రతి లూప్ మీ రాతలోనూ ఉండాలి. వినడానికి ఇది సులభంగానే ఉంటుంది. కాని నేను దిద్దిన జవాబు పత్రాల్లో తప్పు ఎక్కువగా కనిపించేది ఇక్కడే. పెట్టెల్లోని మాటలన్నీ ఉంటాయి, వాటిని కలిపే బాణాల్లో ఒకటి పోయి ఉంటుంది.

ఉదాహరణకు మనకు తెలిసిన విషయమే తీసుకుందాం. నల్లగొండ జిల్లాలో మునుగోడు, మర్రిగూడ ప్రాంతాల బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువని మీలో చాలామందికి తెలుసు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించింది. ఆ పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరే వచ్చింది. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దులు రెండు. లీటరుకు 1.0 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఉంటే ఆ నీరు ఆమోదయోగ్యం. వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే 1.5 వరకు అనుమతిస్తారు. ఈ రెండు హద్దులను ఆధారం చేసుకుని పాఠం కోసం నేనొక ఫ్లోచార్టు తయారుచేశాను. మళ్లీ మళ్లీ శుద్ధి చేయడం, దానికి మూడుసార్లు అనే పరిమితి కూడా పాఠం కోసం పెట్టినవే. ఇది ఏ ప్రయోగశాల వాడే విధానమూ కాదు.

బొమ్మ ఇలా ఉంటుంది. ముందుగా నమూనాల సంఖ్య n చదువుతాం, i కి 1 ఇస్తాం. తర్వాత డైమండ్ పెట్టెలో 'i <= n ?' అనే ప్రశ్న ఉంటుంది. కాదంటే ముగింపు. అవునంటే ఒక నమూనాలోని ఫ్లోరైడ్ విలువ F చదువుతాం. అది 1.0 దాటకపోతే 'తాగవచ్చు' అని ముద్రిస్తాం. 1.0 దాటి 1.5 లోపు ఉంటే 'వేరే నీరు లేకపోతేనే' అని ముద్రిస్తాం. 1.5 కూడా దాటితే t కి 0 ఇచ్చి, నీటిని శుద్ధి చేసి, F మళ్లీ కొలిచి, t ను 1 పెంచుతాం. అక్కడ ఇంకో డైమండ్ ఉంటుంది: 'F <= 1.0 ?'. అవునంటే 'శుద్ధి తర్వాత తాగవచ్చు' అని ముద్రిస్తాం. కాదంటే చివరి డైమండ్ 't < 3 ?' దగ్గరికి వెళ్తాం. అవునంటే బాణం తిరిగి శుద్ధి పెట్టెకు పోతుంది, కాదంటే 'వేరే వనరు చూడాలి' అని ముద్రిస్తాం. నాలుగు ముద్రణ పెట్టెల బాణాలూ A అని రాసిన చిన్న వృత్తంలోకి వెళ్తాయి. పేజీలో ఇంకోచోట అదే A వృత్తం నుంచి బాణం బయలుదేరి i ను 1 పెంచే పెట్టెకు, అక్కడి నుంచి మొదటి డైమండ్‌కు వెళ్తుంది.

బొమ్మ చూడగానే సూడోకోడ్ మొదలుపెట్టకండి. ముందు ప్రతి పెట్టెకు ఒక అంకె ఇవ్వండి. ప్రారంభం 1, చివరి ముగింపు 17. A వృత్తానికి అంకె అక్కరలేదు. అది పెట్టె కాదు, విడిపోయిన గీతను కలిపే గుర్తు మాత్రమే. తర్వాత ఏ పెట్టె నుంచి ఏ పెట్టెకు బాణం ఉందో రాసుకోండి:

```
1→2  2→3  3→4
4→5 (అవును)    4→17 (కాదు)
5→6
6→7 (అవును)    6→8 (కాదు)
8→9 (అవును)    8→10 (కాదు)
10→11  11→12
12→13 (అవును)  12→14 (కాదు)
14→11 (అవును)  14→15 (కాదు)
7→16  9→16  13→16  15→16
16→4
```

ఇక్కడ 4, 6, 8, 12, 14 డైమండ్ పెట్టెలు. 7, 9, 13, 15 ముద్రణ పెట్టెలు. 11 శుద్ధి పెట్టె, 16 i ను పెంచే పెట్టె.

ఇప్పుడు బాణాలు లెక్కపెట్టండి. మొత్తం ఎన్ని ఉండాలో ముందే చెప్పవచ్చు. ముగింపు నుంచి బాణం బయటికి రాదు. మిగిలిన 16 పెట్టెల నుంచి ఒక్కొక్కటి వస్తుంది, డైమండ్ నుంచి మాత్రం రెండు వస్తాయి. డైమండ్‌లు అయిదు కాబట్టి 16కు 5 కలిపితే 21. మీ పట్టికలో 20 వస్తే ఒక బాణం మీ కంటికి ఆనలేదని అర్థం. 22 వస్తే ఒకదాన్నొకటి దాటుకుపోయే రెండు గీతలను కలిసినట్టు చదివి ఉంటారు. స్క్రీన్‌షాట్‌లో ఈ రెండూ జరుగుతాయి. వాట్సాప్‌లో చేతులు మారిన బొమ్మ మసకబారుతుంది, అంచున ఉన్న A వృత్తం సగం తెగిపోతుంది, '<=' లోని సమాన గీత మాయమై '<' లా కనిపిస్తుంది. 1.5 లోని చుక్క పోతే అది 15 అవుతుంది. సందేహం వస్తే బొమ్మను పెద్దది చేసి చూడండి. అప్పటికీ తేలకపోతే ఊహించకుండా, పంపినవారిని అసలు బొమ్మ అడగండి. డైమండ్‌కు ఒకవైపు 'అవును' కనిపించి రెండోవైపు మాట చెరిగిపోతే భయం లేదు, రెండోది 'కాదు' అవుతుంది. రెండూ పోతే మాత్రం ఏ బాణం ఏదో పెట్టెల అర్థాన్ని బట్టి తేల్చుకోవాలి.

తర్వాత లూప్‌లు వెతకాలి. ఇంతకుముందే దాటి వచ్చిన పెట్టెకు తిరిగి వెళ్లే బాణం ఎక్కడుంటే అక్కడ లూప్ ఉంటుంది. మన పట్టికలో అలాంటివి రెండు: 16→4, 14→11. మొదటిదానిలో ప్రశ్న లూప్ మొదట్లోనే ఉంది, పని తర్వాత ఉంది. n కి 0 ఇస్తే ఒక్కసారి కూడా లోపలికి వెళ్లం. అందుకు `WHILE` సరిపోతుంది. రెండోదానిలో పని ముందు, ప్రశ్న తర్వాత. నీటిని ఒక్కసారైనా శుద్ధి చేయకుండా ఆ ప్రశ్న దగ్గరికి చేరలేం. అక్కడ `REPEAT ... UNTIL` రాయాలి.

చిక్కు ఈ రెండో లూప్‌లోనే ఉంది. దీని నుంచి బయటికి వచ్చే దారులు రెండు: 12 దగ్గర 'అవును', 14 దగ్గర 'కాదు'. `UNTIL` వరుస ఒక్కటే కాబట్టి రెండు కారణాలనూ `OR` తో కలుపుతాం. బొమ్మలో 't < 3' కి 'అవును' అంటే లూప్ మళ్లీ తిరగాలి. `UNTIL` లో రాసేది ఆగే షరతు కాబట్టి అది తిరగబడి 't >= 3' అవుతుంది. లూప్ ఆగాక ఏ కారణంతో ఆగామో తెలియదు గనుక అది మళ్లీ అడగాలి. అందువల్ల 12వ పెట్టెలోని ప్రశ్న సూడోకోడ్‌లో రెండుచోట్ల వస్తుంది. ఇది తప్పు కాదు. బొమ్మలోని రెండు దారులూ నిలవాలంటే ఇది అవసరం.

```
READ n
i = 1
WHILE i <= n
    READ F
    IF F <= 1.0 THEN
        PRINT "తాగవచ్చు"
    ELSE IF F <= 1.5 THEN
        PRINT "వేరే నీరు లేకపోతేనే"
    ELSE
        t = 0
        REPEAT
            TREAT WATER
            READ F
            t = t + 1
        UNTIL F <= 1.0 OR t >= 3
        IF F <= 1.0 THEN
            PRINT "శుద్ధి తర్వాత తాగవచ్చు"
        ELSE
            PRINT "వేరే వనరు చూడాలి"
        END IF
    END IF
    i = i + 1
END WHILE
```

A వృత్తం సూడోకోడ్‌లో ఎక్కడుందని అడగవచ్చు. లోపలి `END IF`, బయటి `END IF` అయిపోయాక వచ్చే `i = i + 1` దగ్గర నాలుగు దారులూ కలుస్తున్నాయి. A అదే. ఈ వరుసను కొంచెం లోపలికి జరిపి చివరి `ELSE` కింద రాశారనుకోండి. మొదటి నమూనా మంచిదైతే i పెరగదు, తర్వాతి నమూనా చదివేటప్పుడు కూడా అది 1 గానే ఉంటుంది.

లూప్ ఆగాక అడిగే ప్రశ్నను చాలామంది `IF t >= 3` అని రాస్తారు. మూడుసార్లూ అయిపోయాయంటే శుద్ధి కుదరలేదని వారి ఆలోచన. మూడోసారికి నీరు బాగుపడితే? బొమ్మలో 12వ పెట్టె 14 కంటే ముందు వస్తుంది, కాబట్టి ఆ నీరు మంచిదే. `IF t >= 3` రాసినవారి కోడ్ మాత్రం దాన్ని పారబోయమంటుంది. దీనికంటే చెడ్డ తప్పు ఇంకొకటి ఉంది. 14→11 బాణం కంటపడక, శుద్ధి చేయగానే 'తాగవచ్చు' అని ముద్రించేసేవారున్నారు. ఆ కాగితం నమ్మి ఫ్లోరైడ్ తగ్గని నీటిని ఒక ఇంట్లో తాగుతారు.

ఇక సరిచూడాలి. అయిదు నమూనాలు చాలు. మొదటిది 0.8, రెండోది 1.5. మూడోది 3.2, ఒక్కసారి శుద్ధితో 0.9కి దిగుతుంది. నాలుగోది 4.1, వరుసగా 2.4, 1.6, 1.0కి దిగుతుంది. అయిదోది 5.0, వరుసగా 3.0, 2.0, 1.4కి దిగుతుంది. ఒక చేతి వేలు బొమ్మ మీద, రెండో చేతి వేలు సూడోకోడ్ మీద పెట్టి నడవండి. దాటిన ప్రతి బాణానికీ పట్టికలో టిక్కు పెట్టండి. అయిదు నమూనాలు అయ్యేసరికి 21 బాణాలకూ టిక్కు పడాలి. రెండోదానికి 'వేరే నీరు లేకపోతేనే' రాకపోతే సమాన గీత పోయినట్టు. నాలుగోదానికి 'వేరే వనరు చూడాలి' వస్తే ఇందాక చెప్పిన t తప్పు చేసి ఉంటారు, లేదా 12వ పెట్టెలోని సమాన గీత పోయి ఉంటుంది.

అయిదో నమూనా దగ్గర ఆగి ఆలోచించేవారు కొందరుంటారు. శుద్ధి తర్వాత 1.4 వచ్చింది, 1.5 లోపే ఉంది కదా, దాన్ని ఎందుకు వదులుకోవాలి? మంచి ప్రశ్నే. నేరుగా బోరు నుంచి 1.4 వచ్చి ఉంటే ఇదే బొమ్మ దాన్ని 'వేరే నీరు లేకపోతేనే' అని ఒప్పుకునేది. అయినా సూడోకోడ్‌లో అక్కడ 1.5 రాయకండి. బొమ్మ గీసినవారు కావాలనే 1.0 పెట్టి ఉండవచ్చు, పొరపాటున పెట్టి ఉండవచ్చు. ఏది నిజమో స్క్రీన్‌షాట్ చెప్పదు. ఉన్నది ఉన్నట్టు రాసి, మీ సందేహాన్ని జవాబు కింద విడిగా ఒక వాక్యంలో రాయండి.