ఫుటోషికి: గుర్తుల గొలుసే దారి చూపే పజిల్

సుడోకులో ముందే నింపి ఇచ్చిన అంకెలు పాతిక దాకా ఉంటాయి. ఫుటోషికిలో ఒకటో రెండో ఉంటాయి, ఒక్కోసారి అసలే ఉండవు. వాటికి బదులు గడుల మధ్య అక్కడక్కడా <, > గుర్తులు కనిపిస్తాయి. జపాన్‌కు చెందిన తమాకి సెటో 2001లో రూపొందించిన ఈ పజిల్‌లో ఆ గుర్తులే అసలు ఆధారాలు.

నియమాలు రెండే. అయిదు గడుల పజిల్ అయితే ప్రతి అడ్డు వరుసలోనూ, ప్రతి నిలువు వరుసలోనూ 1 నుంచి 5 వరకు అంకెలు ఒక్కోసారి మాత్రమే రావాలి. రెండు గడుల మధ్య గుర్తు ఉంటే దాని మొన చిన్న అంకె వైపు, తెరిచిన నోరు పెద్ద అంకె వైపు ఉండాలి. సుడోకులోలాగా లోపల చిన్న చతురస్రాలేమీ ఉండవు.

ఒక్క గుర్తును విడిగా చూస్తే అది చెప్పేది తక్కువే. చిన్న వైపు 5 ఉండదు, పెద్ద వైపు 1 ఉండదు, అంతే. రెండు మూడు గుర్తులు ఒకే దిశలో వరుసగా కలిస్తే మాత్రం అది గొలుసు అవుతుంది, దాని బలం వేరు.

గొలుసును లెక్కపెట్టడం

అయిదు గడుల పజిల్‌లో క < చ < ట అని మూడు గడుల గొలుసు ఉందనుకుందాం. క కంటే పెద్దవి రెండు గడులున్నాయి కాబట్టి అందులో 4, 5 పట్టవు. మిగిలేవి 1, 2, 3. మధ్యలో ఉన్న చ కు కింద ఒకటి, పైన ఒకటి ఉన్నాయి. కాబట్టి 2, 3, 4. చివరి ట కు 3, 4, 5. సూత్రం ఒక్కటే: గొలుసులో తన కంటే చిన్న గడులు ఎన్ని ఉంటే కింది నుంచి అన్ని అంకెలు కొట్టేయాలి, పెద్ద గడులు ఎన్ని ఉంటే పైనుంచి అన్ని కొట్టేయాలి.

గొలుసు తిన్నగా ఉండనక్కరలేదు. అడ్డంగా మొదలై కిందికి తిరిగి, మళ్లీ పక్కకు మళ్లినా లెక్క మారదు. పజిల్‌లో ఎన్ని అంకెలున్నాయో గొలుసులో అన్ని గడులుంటే, ఇక ఆలోచించే పనే లేదు, అన్నీ అక్కడికక్కడే నిండిపోతాయి.

గొలుసులో ఒక చివర కదిలితే మిగతావీ కదులుతాయి. పై ఉదాహరణలో క ఉన్న నిలువు వరుసలో ఇంకెక్కడో 1 ఉందనుకోండి. అప్పుడు క లో 2, 3 మాత్రమే మిగులుతాయి. దాంతో చ లో 3, 4, ట లో 4, 5 మిగులుతాయి. ఇప్పుడు ట ఉన్న వరుసలో 5 వేరేచోట కనిపించిందంటే ట = 4, చ = 3, క = 2. దూరంగా ఉన్న రెండు అంకెలు మూడు గడులను ఒకేసారి తేల్చేశాయి. అందుకే కొత్త అంకె ఏది రాసినా, ఆ వరుసల గుండా పోయే గొలుసులను వెంటనే మళ్లీ చూసుకోవాలి.

కొత్తవారు పొరబడే చోటు

ఒక గడి చుట్టూ ఉన్న గుర్తులను లెక్కపెట్టడం వేరు, గొలుసును లెక్కపెట్టడం వేరు. ఒక గడి తన ఎడమ గడి కంటే, కుడి గడి కంటే పెద్దది అనుకుందాం. ఆ రెండూ ఒకే అడ్డు వరుసలో ఉన్నాయి కాబట్టి వాటిలో ఒకే అంకె ఉండదు. కనుక మధ్య గడి కనీసం 3. కానీ అదే గడి తన ఎడమ గడి కంటే, పై గడి కంటే పెద్దదైతే? ఆ రెండు గడులు వేర్వేరు అడ్డు వరుసల్లో, వేర్వేరు నిలువు వరుసల్లో ఉన్నాయి. రెండింటిలోనూ 1 ఉండొచ్చు. కాబట్టి మన గడిలో 2 కూడా పడుతుంది. ఇక్కడ తొందరపడి 2 కొట్టేస్తే తప్పు అప్పుడే బయటపడదు. చాలా గడులు నిండాక, ఏదో ఒక వరుసలో ఒకే అంకె రెండుసార్లు వచ్చినప్పుడు తెలుస్తుంది.

ఒక పజిల్ చేసి చూద్దాం

ఇది నాలుగు గడుల పజిల్. అంకె ఒక్కటీ ఇవ్వలేదు, గుర్తులు ఆరే.

```
    అ   ఆ   ఇ   ఈ
1   □ > □   □   □
    ∧
2   □   □   □ > □
            ∧
3   □   □   □ < □

4   □ > □   □   □
```

నిలువు వరుసలకు అ, ఆ, ఇ, ఈ అని, అడ్డు వరుసలకు 1 నుంచి 4 అని పేర్లు. ∧ గుర్తు మొన పైకి ఉంది కాబట్టి పై గడి చిన్నది.

ముందు పొడవైన గొలుసును వెతకాలి. ఈ2 < ఇ2 < ఇ3 < ఈ3. నాలుగు గడులు, నాలుగు అంకెలు. కాబట్టి ఈ2 = 1, ఇ2 = 2, ఇ3 = 3, ఈ3 = 4.

రెండో గొలుసు ఆ1 < అ1 < అ2. ఇందులో ఆ1 కు 1, 2; అ1 కు 2, 3; అ2 కు 3, 4. ఇప్పటికి ఇంతకంటే తేలదు. కానీ ఈ నిలువు వరుసలో 1, 4 అయిపోయాయి కాబట్టి ఈ1 కూడా 2 గానీ 3 గానీ. మొదటి అడ్డు వరుసలో అ1, ఈ1 రెండింటికీ అవే రెండు అంకెలున్నాయి. అంటే ఆ వరుసలోని 2, 3 ఆ రెండు గడులకే చెందుతాయి, మిగతా గడులకు దక్కవు. కాబట్టి ఆ1 = 1. దాని పక్కన ఇ1 = 4. ఇ నిలువు వరుసలో మిగిలిన ఇ4 = 1.

మూడో అడ్డు వరుసలో 1, 2 మిగిలాయి. ఆ నిలువు వరుసలో 1 ఇప్పటికే ఉంది కనుక ఆ3 = 2, అ3 = 1. ఇప్పుడు ఆ2, ఆ4 గడులకు 3, 4 మిగిలాయి. అట్టడుగున ఒంటరిగా ఉన్న అ4 > ఆ4 గుర్తు ఇప్పుడు పనికొస్తుంది. ఆ4 చిన్న వైపు కాబట్టి అందులో 4 పట్టదు. ఆ4 = 3, అ4 = 4, ఆ2 = 4. రెండో అడ్డు వరుసలో మిగిలిన అ2 = 3.

అ2 లో 3 పడగానే రెండో గొలుసు మళ్లీ కదిలింది. అ1 అంతకంటే చిన్నది కావాలి, కాబట్టి 2. ఈ1 = 3, చివరగా ఈ4 = 2.

```
2 1 4 3
3 4 2 1
1 2 3 4
4 3 1 2
```

ఇందులో ఎక్కడా ఊహించి రాయలేదు. మొదటి గొలుసు ఒంటరిగానే నాలుగు గడులు నింపింది. రెండోది మాత్రం ఒక్కో గడికి రెండేసి అంకెలు మిగిల్చి ఆగిపోయింది. వరుసల లెక్క దాన్ని ముందుకు నడిపింది. చాలా పజిల్స్‌లో గొలుసులు రెండో రకానివే. అందుకే ప్రతి గడిలోనూ మిగిలిన అంకెలను పెన్సిల్‌తో మూలన చిన్నగా రాసుకోవాలి. ఎక్కడైనా ఆగిపోతే కొత్త గుర్తు కోసం వెతకడం కంటే, ముందు వదిలేసిన గొలుసు చివర్లను మళ్లీ చూడటం మేలు. ఆ గడుల్లో మిగిలిన అంకెల్లో అతి చిన్నది, అతి పెద్దది మారాయేమో చూడండి. మారితే ఆ గొలుసును ఇంకో చివర దాకా మళ్లీ లెక్కపెట్టాలి.