సాంబారు పోస్తే నిలిచే ప్లేటేది?

టిఫిన్ బండి దగ్గర ప్లేటుకు పని పది నిమిషాలే. ఆ కాసేపట్లోనే పొగలు కక్కే సాంబారును మోయాలి, బజ్జీ నూనెకు తట్టుకోవాలి. నిలబడి తినేవాళ్ల ఎడమ చేతిలో నడుం విరిగి వంగకూడదు.

ప్లాస్టిక్, థర్మకోల్ ప్లేట్ల కథ 2022 జులై 1తో చట్టప్రకారం ముగిసింది. అమ్మినా, వాడినా నిషేధమే. చాలామంది వెంటనే కాగితం ప్లేట్లకు మారారు. చిక్కు ఇక్కడే ఉంది. తళతళలాడే కాగితం ప్లేటును రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున వేలితో రుద్ది చూడండి. కాగితం గుజ్జయి ఊడిపోతుంది, పల్చటి పొర ఒకటి చేతిలో మిగులుతుంది. అది ప్లాస్టిక్కే. సాంబారు కారకుండా ఆపేదీ అదే. కాగితాన్నీ పొరనూ విడదీయడం కష్టం కాబట్టి పాత కాగితాలు కొనేవాళ్లు కూడా దీన్ని తీసుకోరు. పొర లేని కాగితం ప్లేటయితే పొడి బజ్జీలకు సరిపోతుందేమో గానీ చట్నీ పడగానే మెత్తబడుతుంది.

ఆకుల్లో మనకు తెలిసినవి మోదుగ, అడ్డాకు. మన్యంలో గిరిజనులు అడ్డాకులు కోసి, ఆరబెట్టి, పుల్లలతో కుడతారు. దోసె, పెసరట్టు, పునుగులకు ఇంతకంటే మంచిది లేదని నా అభిప్రాయం. సాంబారు మాత్రం కుట్ల సందుల్లోంచి జారుతుంది. బాగా ఎండితే ఆకు పెళుసెక్కి చిట్లుతుంది, అందుకే పెళ్లిళ్లలో విస్తరి వేశాక నీళ్లు చల్లుతారు. వానాకాలంలో దొంతర మధ్య బూజు పడుతుంది. కొనేముందు కట్ట విప్పి వాసన చూడాలి. మిషన్‌పై నొక్కిన ఆకు ప్లేట్ల అంచు కూడా గోటితో గీరి చూడాలి, ఆకుకూ అట్టకూ నడుమ పాలిథిన్ పొర దాగి ఉంటుంది చాలాసార్లు.

చెరకు పిప్పిని గుజ్జు చేసి, అచ్చులో వేడిగా నొక్కి చేసే ప్లేటుకు కుట్లుండవు. సాంబారు ఇడ్లీకి పది నిమిషాలు నిక్షేపంగా నిలుస్తుంది. నూనె పీల్చకుండా కొందరు తయారీదారులు గుజ్జులో ఫ్లోరిన్ రసాయనాలు కలుపుతారు. అవి ఏళ్ల తరబడి నేలలో పోవు. కాబట్టి అవి కలపలేదని రాసిచ్చే సరుకే అడగండి.

ఇక డబ్బు. రోజుకు 150 ప్లేట్లు పోయే బండికి, ప్లేటు మీద రూపాయి తేడా వస్తే నెలకు 4,500 రూపాయలు. అందుకని అన్నిటికీ పిప్పి ప్లేటే పెట్టనక్కర్లేదు. 150లో సాంబారు ఇడ్లీలు 60 అనుకుంటే వాటికి మాత్రమే పిప్పి గిన్నె, మిగతా 90కి ఆకు. అప్పుడు అదనపు ఖర్చు నెలకు 1,800కు దిగుతుంది.

ఒక్కటి మాత్రం ఇవాళే మానేయండి: స్టీలు ప్లేటు మీద ప్లాస్టిక్ కవరు పరిచి, దానిపై వేడి ఇడ్లీ పెట్టడం. కడిగే నీళ్లు మిగులుతాయి గానీ, వేడి సాంబారు నేరుగా తగిలేది ఆ కవరుకే.